చెయ్యి పోవాలా, ఆసు రావాలా?

చేనేత ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఆసు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. పోచంపల్లి రకం చీరలో డిజైను నేసిన తర్వాత అద్దేది కాదు. నేయకముందే నూలుకు ముళ్ళు కట్టి రంగులో ముంచుతారు. ముళ్ళు కట్టాలంటే ముందు ఆ నూలును ఒక వరసలో పరచాలి. ఆ పనే ఆసు పోయడం. చట్రానికి ఒక చివర ఒంటి మేకు ఉంటుంది, రెండో చివర విల్లులా వంగిన వరసలో మేకులుంటాయి. దారం పట్టుకున్న చెయ్యి ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి తిరుగుతూనే ఉండాలి. దూరం సుమారు ఒక మీటరు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు కదలాలి. ఒక్కో కదలికకు ఒక మీటరే అనుకున్నా తొమ్మిది కిలోమీటర్లు, అదీ భుజం మీద నడక.

మాది రామన్నపేట. మా చిన్నమ్మ వాళ్ళది అదే మండలంలో సిరిపురం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చిన్నమ్మ ఆసు పోస్తూనే ఉంది. పోయినేడు కుడి భుజం పట్టేసింది. చెయ్యిని భుజం కంటే పైకి లేపే పని తగ్గించమని డాక్టర్ చెప్పారు. ఆమె ఆసు ఆపేస్తే ఆ పని కూలికి ఇయ్యాలె, ఇస్తే చీర మీద మిగిలేదే అంతంత మాత్రం. అందుకే నాలుగో సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టు ఏదైనా తీసుకోవచ్చన్నప్పుడు మా ముగ్గురు సభ్యుల టీమ్‌ను నేను దీనికే ఒప్పించాను.

"దానికి మిషన్ ఉంది కదా?" అని మీరడగొచ్చు. ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి పడే బాధ చూడలేక 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. తల్లి పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది. మా చిన్నమ్మ వాళ్ళ చుట్టుపక్కల కూడా మిషన్ పెట్టుకున్న ఇళ్ళున్నాయి. కానీ తమ ఒక్క మగ్గం మీద పడే చీరలకు ఆ పెట్టుబడి తిరిగి రాదని బాబాయి లెక్క. అందుకే మా ప్రశ్న చిన్నది: కరెంటు లేకుండా, చేత్తోనే, భుజం పైకి చెయ్యి లేవకుండా ఆసు పోయడం కుదురుతుందా?

మొదటి వారమంతా మేం కంప్యూటర్ ముట్టలేదు. కారణం ఉంది. క్యాడ్‌లో మొదటి గీత గీయాలంటేనే పొడవెంతో, కోణమెంతో చెప్పాలి. మాకేమో చట్రం నిలబడాలా పడుకోవాలా అన్నదే తెలియదు. తెలియని దానికి కొలత ఇస్తే, ఆ కొలతే నిజమనిపించి దాని చుట్టూ తిరుగుతాం. వినోద్ గోయల్ అనే పరిశోధకుడు 1995లో అచ్చయిన తన పుస్తకంలో, డిజైనర్లు చేత్తో గీసినప్పుడూ కంప్యూటర్ డ్రాయింగ్ ప్రోగ్రామ్‌తో గీసినప్పుడూ ఏం జరుగుతుందో పోల్చి చూశాడు. చేత్తో గీసిన బొమ్మలో అస్పష్టత ఉంటుంది, ఆ అస్పష్టత వల్లే ఒక ఆలోచన నుంచి పక్క ఆలోచనకు దాటడం ఎక్కువగా జరుగుతుందని ఆయన చెప్పింది. మా నోట్‌బుక్‌లో జరిగిందీ అదే.

మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను. తెల్ల ఏ4 కాగితాలు, బాల్‌పెన్ను. రబ్బరు లేదు. ఒక్కో బొమ్మకు మూడు నిమిషాలు. గీత పక్కకు పోతే దాని మీదే ఇంకోటి గీయడం. ప్రతి బొమ్మకు ఒక నంబరు, కింద ఒక్క ప్రశ్న. ప్రశ్న రాయలేకపోతే ఆ బొమ్మ అక్కర్లేనిదన్నమాట. షేడింగ్ జోలికి పోవద్దనుకున్నాం. అందంగా వచ్చిన బొమ్మను పక్కన పడేయడానికి మనసొప్పదు, అంతే కారణం.

మొదటివి పక్క నుంచి చూసినట్టు గీసే పుల్లబొమ్మలు. తలకో సున్నా, వెన్నుకో గీత, భుజం దగ్గరో చుక్క. ఆ చుక్క కేంద్రంగా చెయ్యి అందే మేరకు ఒక వంపు గీత. చిన్నమ్మ చెయ్యి భుజం నుంచి దారం పట్టుకునే వేళ్ళ దాకా 65 సెంటీమీటర్లు. ఇప్పుడు ఆ వంపు మీద చట్రాన్ని ఒక అడ్డగీతగా పెట్టి చూడటమే.

ఒకటో బొమ్మ ఇప్పుడున్న పద్ధతి. ఆమె నేల మీద కూచుంటుంది, చట్రం గోడకు నిలబెట్టి ఉంటుంది, ఒంటి మేకు కింద, మేకుల విల్లు పైన. కూచున్నప్పుడు భుజం ఎత్తు 55 సెంటీమీటర్లు, పై మేకులేమో మీటరు దాటి ఉన్నాయి. ప్రతి రాకపోకలో చెయ్యి భుజం మీదికి లేవాల్సిందే. రెండో బొమ్మలో చట్రాన్ని బల్ల మీద పడుకోబెట్టాం. చెయ్యి లేవదు కానీ దూరపు మేకులు వంపు బయట పడ్డాయి, అంటే నడుము వంచాలి. మూడు, నాలుగు, ఐదులో ఏటవాలుగా రకరకాల కోణాలు. ఏ కోణంలో పెట్టినా గీత చివర వంపు బయటికో, భుజం పైకో పోతోంది. ఐదు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కారణం తేలింది. మీటరు గీత 65 సెంటీమీటర్ల చేతికి ఎదురుగా ఉన్నంతసేపూ కోణం మార్చి లాభం లేదు. దాన్ని అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పెట్టాలి. అప్పుడు భుజానికి అటు సగం, ఇటు సగం పంచుకోవచ్చు.

ఆరో బొమ్మ ఆ అడ్డం చట్రం. ఒంటి మేకు ఎడమవైపు, విల్లు కుడివైపు. కానీ విల్లుకు కూడా సొంత వెడల్పు ఉంది కదా, ఒక చివర నుంచి ఇంకో చివరకు 64 సెంటీమీటర్లు. చట్రాన్ని బల్లలా పరిస్తే అవతలి మేకులు మళ్ళీ అందవు. నిలబెడితే పై మేకులు భుజం దాటుతాయి. ఇక్కడ రెండు రోజులు ఆగిపోయాం.

దారి చూపింది పుల్లబొమ్మ కాదు, కదలిక బొమ్మ. అందులో మనిషి ఉండదు, చట్రం ఉండదు. చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఆ గీతలు మాత్రమే ఉంటాయి. ఒక చుక్క పెట్టి, దాని నుంచి ప్రతి మేకుకూ ఒక గీత లాగాను. నలభై పైచిలుకు గీతలు. పదో గీత దగ్గరే కాగితం మీద విసనకర్ర కనిపించింది. అన్నీ ఒకే పొడవు. మేకులు విల్లులా ఎందుకున్నాయో అప్పుడు తట్టింది. పేక నూలు చీర వెడల్పంతా ఒకే పొడవుండాలి కాబట్టి, ఒంటి మేకు నుంచి ప్రతి మేకూ సమాన దూరంలో ఉండాలి. అంటే ఆ విల్లు ఒక వృత్తంలో ముక్క, దాని కేంద్రం ఒంటి మేకు.

అయితే విసనకర్రను కేంద్రం దగ్గర పట్టుకొని తిప్పొచ్చు కదా! చట్రాన్ని ఒంటి మేకు చుట్టూ తిప్పితే, ఏ మేకునైనా ఒకే చోటికి తీసుకురావచ్చు. చెయ్యి ఎప్పుడూ ఒకే అడ్డగీత మీద పోయి వస్తుంది, మేకులే ఒకదాని తర్వాత ఒకటి ఆ గీత దగ్గరికి వస్తాయి. ఒంటి మేకు కూడా చట్రంతో పాటే తిరుగుతుంది కాబట్టి చుట్టిన దారం వదులు కాదు, బిగుసుకోదు. కొలతలు అడిగే తెర మీద ఇది మాకు కనిపించేదని నేననుకోను. అక్కడ మేకులు గీస్తాం, చేతి దారి గీయం.

ఇప్పుడు ఈ చట్రాన్ని నిలువుగా, చిన్నమ్మ ముందు పెట్టాలి. స్టూలు మీద కూచుంటే ఆమె భుజం ఎత్తు 95 సెంటీమీటర్లు. పని గీతను 70 దగ్గర, ఒంటికి 25 సెంటీమీటర్ల ముందు పెట్టాం. ఆమెను మధ్యలో కాకుండా కొంచెం ఎడమకు జరిపి కూచోబెడితే గీత రెండు చివరలూ చేతికి సరిగ్గా అంచున అందుతున్నాయి. పక్క బొమ్మలో అంతా బాగుంది. పై నుంచి చూసిన బొమ్మలోనూ బాగుంది. మరి ఇంకా పర్‌స్పెక్టివ్ ఎందుకు?

ఎందుకంటే ఈ చట్రం కదులుతుంది, మనిషి ఒంట్లో చాలా భాగాలున్నాయి. ఏది దేనికి తగులుతుందో పక్క బొమ్మలో ఒకదాని వెనక ఒకటి దాక్కుంటుంది. ఫస్టియర్ గ్రాఫిక్స్‌లో మనం నేర్చుకున్న ఐసోమెట్రిక్‌లో గీతలు సమాంతరంగా పోతాయి, కొలత తీసుకోవడానికి అది మంచిది. కానీ అందులో చూసే మనిషి కన్ను ఎక్కడుందో తెలియదు. పర్‌స్పెక్టివ్‌కు కన్నే మొదలు. మొదట గీసేదే కంటి ఎత్తు గీత.

ఇక్కడ ఒక ఉపాయం ఉంది, మా ప్రాజెక్టులో అందరికన్నా ఎక్కువ పని చేసింది అదే. నేను కూడా చిన్నమ్మ లాంటి స్టూలు మీదే, నా కన్ను ఆమె కంటి ఎత్తులో ఉండేలా కూచొని గీశాను. అప్పుడు కంటి ఎత్తు గీత ఆమె కళ్ళ మీదుగానే పోతుంది. ఆమెను గదిలో ఎంత దూరం జరిపి గీసినా సరే, కళ్ళు ఆ గీత మీదే ఉంటాయి, పాదాల చోటు మాత్రం మారుతుంది. ఆమె కన్ను నేల నుంచి 110 సెంటీమీటర్లు. కాబట్టి కాగితం మీద ఎక్కడైనా సరే, నేల నుంచి ఆ గీత దాకా ఉన్న ఎత్తు 110. దాన్ని చూపుతోనే నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 27 చిల్లర. తొడ పైభాగం రెండో భాగం దగ్గర, భుజం మూడున్నర దగ్గర. స్కేలు లేకుండా ఎత్తులు చదివే పద్ధతి ఇది. దగ్గరున్న వస్తువుకూ దూరమున్న వస్తువుకూ ఇదే లెక్క పనిచేస్తుంది.

ఇక చట్రం. నేను ఆమెకు కుడి పక్కగా, ఎదుట మూల నుంచి చూస్తున్నాను. అడ్డంగా పోయే అంచులన్నీ కుడివైపు ఒక బిందువు దిక్కుగా, ముందుకు పోయే అంచులన్నీ ఎడమవైపు ఇంకో బిందువు దిక్కుగా దగ్గరవుతాయి. రెండు బిందువులూ కంటి ఎత్తు గీత మీదే. కానీ వాటిని కాగితం లోపల పెట్టొద్దు. పెడితే ఏమవుతుందో ఒక పెట్టె గీసి చూడండి: మీకు దగ్గరగా ఉన్న మూలలో, పైముఖం మీది రెండు అంచుల మధ్య కోణం లంబకోణం కన్నా తగ్గిపోతుంది, పెట్టె మీ ముక్కుకు ఆనించినట్టు పొడుచుకొస్తుంది. ఆ మూల లంబకోణం కంటే విప్పారి ఉంటేనే మామూలు చూపు. నేను బిందువులు కాగితానికి జానెడు అవతల ఉన్నాయనుకొని, గీతలను కొద్దికొద్దిగా దగ్గర చేస్తూ పోయాను. ఉజ్జాయింపు చాలు.

మీటరు చట్రంలో సగం ఎక్కడ? ఇది తెలియాలి, ఎందుకంటే కుడి మోకాలు సుమారు అక్కడే వస్తుంది. కాగితం మీద పొడవు కొలిచి సగం చేస్తే కుదరదు. దూరంగా పోయేకొద్దీ పొడవులు కుంచించుకుపోతాయి కాబట్టి, అసలు సగం అవతలి చివరకు దగ్గరగా ఉంటుంది. చట్రం చుట్టూ దీర్ఘచతురస్రం గీసి, దానికి రెండు కర్ణాలు లాగితే అవి ఖండించుకున్న చోటే సగం. పర్‌స్పెక్టివ్‌లో ఎక్కడైనా ఇది నిజమే. ఆ బిందువు గుండా నిలువు గీత గీశాను.

పదమూడో బొమ్మ. విసనకర్రను పూర్తిగా కిందికి తిప్పిన స్థితి. అంటే పై చివరి మేకు పని గీత దగ్గరుంది, మిగతా మేకులన్నీ దాని కింద వేలాడుతున్నాయి. ఒంటి మేకు నుంచి అట్టడుగు మేకుకు ఒక వాలు గీత లాగాను, అది చట్రం కింది అంచు. ఆ వాలు గీత సగం దగ్గరి నిలువు గీతను ఎక్కడ తాకిందో చూస్తే, చిన్నమ్మ తొడ పైభాగం కన్నా బాగా కింద పోతోంది. పని గీత రెండున్నర భాగాల ఎత్తులో ఉంది, అక్కడ చట్రం ఒక భాగానికి పైగా కిందికి దిగుతోంది. మిగిలింది ఒకటింపావు. తొడ పైభాగమేమో రెండు. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపించాక చర్చ అక్కర్లేదు. పక్క బొమ్మలో చట్రం కేవలం ఒక నిలువు గీత, అది ఎప్పుడూ తొడను దాటే కనిపిస్తుంది. ఏ చోట దాటుతోందో అది చెప్పదు.

ఏం చేయాలి? పద్నాలుగులో కాళ్ళు ఎడమకు మడిచాం, ఆ పక్కనే రాసిన ప్రశ్న: "రెండు గంటలు ఇలా కూచోగలదా?" పదిహేనులో స్టూలు ఎత్తు పెంచాం, భుజంతో పాటు తొడ కూడా పైకొచ్చింది, తేడా లేదు. పదహారులో పని గీతనే పైకి జరిపాం. భుజానికి 25 కింద ఉన్నదాన్ని 10 కిందికి తెచ్చాం, అంటే 70 నుంచి 85కు. నాలుగు భాగాల లెక్కలో మూడుకు కాస్త పైన. చట్రం అంచు తొడ పైభాగానికి బాగా దగ్గరైంది కానీ ఇంకా కొంచెం కిందే పోతోంది, చెయ్యి ఇంకా భుజం కిందే ఉంది. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది: గీత భుజం ఎత్తుకు దగ్గరైంది కాబట్టి రెండు చివరలూ ముందు కన్నా నాలుగైదు సెంటీమీటర్లు దగ్గరగా అందుతున్నాయి. అప్పుడు మాత్రమే మా టీమ్‌మేట్ క్యాడ్ తెరిచాడు. ఆ కొంచెమంటే ఎన్ని సెంటీమీటర్లు? ఈ ప్రశ్నకు చేతిబొమ్మ జవాబియ్యలేదు. బాల్‌పెన్ను గీత మందమే బొమ్మలో సెంటీమీటరంత ఉంటుంది. ఇక్కడి నుంచి కొలత కావాలి.

కాగితానికి ఇంకో హద్దు కూడా ఉంది. బరువు, బిగువు, చేతి అలవాటు బొమ్మలో కనిపించవు. అందుకని పాత అట్టపెట్టెలు అతికించి పూర్తి సైజులో విసనకర్ర కోశాం, అంచున మేకుల బదులు అగ్గిపుల్లలు గుచ్చాం, గుంజకు ఒక మేకు కొట్టి దాని మీద తగిలించి సిరిపురంలో చిన్నమ్మ ముందు పెట్టాం. అట్టబొమ్మ కన్నా ముందు ఆమెకు పదహారో బొమ్మ చూపించాను.

"ఇది నేనేనా బిడ్డా? ముక్కు లేకపాయె."

"ముక్కుతోని పని లేదు చిన్నమ్మా, మోకాలు చూడు."

బొమ్మను కాసేపు చూసి, వేలు పెట్టి అడిగింది: "గీ కాడ దారం గిన్నె ఏడ వెడతవ్?" పదహారు బొమ్మల్లో దారం ఎక్కడి నుంచి వస్తుందో మేం గీయనేలేదు. ఆ ప్రశ్న పదిహేడో బొమ్మ అయింది. మెరుగులు దిద్దిన రంగుల ప్రింటవుట్ తీసుకుపోయి ఉంటే ఆమె "మంచిగుంది" అని ఊరుకునేదేమో. పెన్ను గీతల బొమ్మ ఇంకా పని జరుగుతోందని చెప్తుంది, అందుకే ఎదుటివాళ్ళు వేలు పెడతారు. ఆ తర్వాత ఆమే పెన్ను తీసుకొని తనకు కావాల్సిన చోట గుండ్రంగా ఒక సున్నా చుట్టింది, ఎడమవైపు, ఒంటి మేకు కింద.

తర్వాత అట్టచట్రం మీద దారం పోసి చూసింది. చెయ్యి అడ్డంగా పోతుంటే భుజం మీదికి బరువు రావట్లేదంది. కానీ పది నిమిషాలకు ఇంకో మాట చెప్పింది: "నాలుగు చుట్లు పోసినంక దీన్ని జరపాలె గద. కుడి చెయ్యిల దారముంది, ఎడమ చేత్తోని మెలిక వడకుంట చూస్కోవాలె. మరి జరిపేదెవలు?"

నిజమే. పైగా చట్రం నిలువుగా ఉండటం వల్ల కుడివైపు బరువంతా దాన్ని కిందికి లాగుతుంది. ఒక్కో మేకుకు కదలాల్సింది ఒక డిగ్రీ కూడా ఉండదు. అంత కొంచెం కదిలి అక్కడే ఆగాలి, వదిలేస్తే జారకూడదు. అంచుకు మేకుకొక పన్ను చొప్పున గాట్లు, వాటిలో పడే ఒక నాలుక, నాలుకను లేపడానికి కాలి దగ్గర తొక్కుడు చెక్క, బరువుకు ఎదురుగా ఒంటి మేకు అవతల చిన్న రాయి: ఇప్పటికి నోట్‌బుక్‌లో ఇవి ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు దాకా ఉన్న బొమ్మలు. ఇవన్నీ మళ్ళీ కదలిక బొమ్మలే, కాలు నుంచి నాలుక దాకా బాణాలు మాత్రమే. ఇరవై ఆరు కింద రాసిన ప్రశ్న ఇదీ: "మగ్గం తొక్కే కాలే దీన్నీ తొక్కితే, సాయంత్రానికి నొప్పి భుజం నుంచి మోకాలికి దిగుతుందా?"

దానికి జవాబు బొమ్మలో లేదు. అందుకే వచ్చే ఆదివారం అట్టచట్రానికి తొక్కుడు చెక్క కట్టుకొని సిరిపురం పోతున్నాం.